గాలి పోయినా గుట్టు విప్పని టైరు

తెల్లవారుజామున ఐదింటికి ఒక కుటుంబం హైదరాబాద్ నుంచి కారులో విజయవాడ బయల్దేరిందనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామాను. కారు పెద్ద కంపెనీది. నాలుగు చక్రాలకూ రన్‌ఫ్లాట్ టైర్లున్నాయి కాబట్టి స్టెప్నీ ఇవ్వలేదు. చౌటుప్పల్ దగ్గర రోడ్డు మీద పడున్న మేకు ఒకటి వెనక కుడి టైరులో దిగింది. లోపల ఎవరికీ తెలియలేదు. దిగిన మేకు అక్కడే బిగుసుకుపోతే రంధ్రాన్ని అదే సగం మూసేస్తుంది. గాలి బుస్సుమని పోదు, దాని అంచుల వెంట నెమ్మదిగా జారుకుంటుంది.

నకిరేకల్ దాటాక డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. గుర్రపు నాడా లాంటి గీత, దాని నడుమ ఆశ్చర్యార్థకం గుర్తు. నిజానికి అది నాడా కాదు, టైరును అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం. బండి నడుపుతున్న ఆయన స్టీరింగ్ కాస్త వదులుగా పట్టుకుని చూశాడు. కారు ఎటూ లాగడం లేదు. చప్పుడు లేదు, ఊపు లేదు. "సెన్సర్ పోయినట్టుంది" అనుకున్నాడు. అయినా సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగినప్పుడు దిగి, కారు చుట్టూ తిరిగి, నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశాడు. నాలుగూ ఒకేలా ఉన్నాయి, నాలుగూ గట్టిగానే తగిలాయి. మళ్లీ ఎక్కి వంద స్పీడు మీద పోనిచ్చాడు.

నందిగామ చేరువకు వచ్చేసరికి వెనక భాగం అదరడం మొదలైంది. తర్వాత రబ్బరు కాలిన వాసన. పక్కకు తీసి ఆపి చూస్తే వెనక కుడి టైరు పక్కగోడ చుట్టూతా చిట్లిపోయి ఉంది.

ఇది కల్పించి చెప్పిన ప్రయాణమే. కానీ ఇందులో జరిగిన ప్రతి పనికీ కారణం ఉంది. ఆ తండ్రి అజాగ్రత్త మనిషి కాదు. దిగాడు, చూశాడు, తన్ని కూడా చూశాడు. చెయ్యీ, కన్నూ, కాలూ మూడూ బాగానే ఉందని చెప్పాయి. టైరులో గాలి తగ్గితే మనకు తెలుస్తుందన్న నమ్మకం ఎందుకు తప్పవుతుందో అర్థం కావాలంటే, ముందు కారును మోస్తున్నదేమిటో చూడాలి.

కారును మోసేది గాలి

మనుషులు, సామానుతో కలిపి ఆ కారు 1,800 కిలోలు ఉందనుకుంటే, ఒక్కో చక్రం మీద సుమారు 450 కిలోల బరువు పడుతుంది. మామూలు టైరులో ఈ బరువును మోసేది ప్రధానంగా రబ్బరు కాదు, లోపలి గాలి. 33 పీఎస్‌ఐ గాలి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోల ఒత్తిడి. ఆ లెక్కన 450 కిలోలు నిలబడాలంటే టైరు దాదాపు 195 చదరపు సెంటీమీటర్ల మేర నేలకు ఆనాలి. వేళ్లు కలిపి చాపిన ఒక అరచేయంత. కారు మొత్తం రోడ్డును అంటుకుని ఉండేది అలాంటి నాలుగు అరచేతుల మీదే.

ఇప్పుడు గాలి సగానికి పడిపోయిందనుకోండి. బరువు తగ్గదు కాబట్టి నేలకు ఆనే చోటు దాదాపు రెట్టింపు కావాలి. టైరు వెడల్పు మారదు, అందుకే ఆ చోటు ముందుకూ వెనక్కూ పొడవుగా సాగుతుంది. అంటే టైరు కింది భాగం మరింత అణగాలి, దాని పక్కగోడ మరింత వంగాలి. చక్రం తిరిగే కొద్దీ పక్కగోడలోని ప్రతి భాగమూ కిందికి వచ్చినప్పుడు వంగి, పైకి వెళ్లినప్పుడు సాగుతుంది. మామూలు కారు టైరు ఒక్క చుట్టు తిరిగితే సుమారు రెండు మీటర్లు వెళుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే వంచిన చోట వేడెక్కుతుంది కదా! రబ్బరు కూడా అంతే. టైరును చివరికి చంపేది ఆ రంధ్రం కాదు, ఈ వేడి.

వేడెక్కుతున్న సంగతి మాత్రం కారులో కూర్చున్నవారికి తెలియదు. దానికి మొదటి కారణం నేటి టైర్లన్నీ రేడియల్ టైర్లు కావడం. వాటి నడినెత్తిన, రోడ్డును తాకే రబ్బరు కింద, ఉక్కు తీగల పట్టీ ఒకటి చుట్టూతా ఉంటుంది. అది సాగదు. గాలి తగ్గినా ఆ పట్టీ చుట్టుకొలత దాదాపు అంతే ఉంటుంది కాబట్టి, ట్యాంకుకు గొలుసు తిరిగినట్టు అది చక్రం చుట్టూ మునుపటిలాగే తిరుగుతూ పోతుంది. పైగా రేడియల్ టైరు పక్కగోడ మెత్తగా ఉంటుంది. నిండా గాలి ఉన్నప్పుడు కూడా నేల దగ్గర కాస్త ఉబ్బుగానే కనిపిస్తుంది. 33 పీఎస్‌ఐ ఉన్న టైరునూ 25 ఉన్న దానినీ పక్కపక్కన పెట్టి చూపించినా కంటితో తేడా చెప్పడం చాలా కష్టం.

రెండో కారణం స్టీరింగు. ముందు టైరులో గాలి పోతే స్టీరింగ్ బరువెక్కి ఒక పక్కకు లాగుతుందని డ్రైవర్లకు తెలుసు. పవర్ స్టీరింగ్ ఆ బరువును చాలావరకు తానే మోసి దాచేస్తుంది. ఇక మన కథలో మేకు దిగింది వెనక టైరులో. దానికీ స్టీరింగుకూ సంబంధమే లేదు. తిన్నగా, నున్నగా సాగే హైవే మీద వెనక టైరు సంగతి చెప్పే దారి మరొకటి లేదు. మలుపులో వేగంగా తిప్పినప్పుడో, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడో వెనక భాగం జారినప్పుడే బయటపడుతుంది. అప్పటికి సరిదిద్దుకునే వ్యవధి ఉండకపోవచ్చు.

లోపల రెండో గోడ

రన్‌ఫ్లాట్ టైరు ఈ దాపరికాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళుతుంది. దాని పక్కగోడ లోపల మందమైన గట్టి రబ్బరు పొర ఒకటి ఉంటుంది. నెలవంక ఆకారంలో, నడుమ లావుగా, అంచుల దగ్గర సన్నగా. మామూలు టైరులో గాలి పూర్తిగా పోతే పక్కగోడ మడతపడి రిమ్ము కిందికి దిగిపోతుంది. రన్‌ఫ్లాట్‌లో ఈ పొర స్తంభంలా నిలబడి బరువును తన మీద వేసుకుంటుంది. గాలి సున్నాకు వచ్చినా టైరు కొంచెమే కుంగుతుంది. సూర్యాపేటలో తన్నినప్పుడు గట్టిగా తగిలింది గాలి కాదు, ఈ రబ్బరు.

మామూలు కారు టైరు విషయంలో ఈ ఆలోచన పెద్ద అడుగు వేసింది అమెరికాలో. 1997లో వచ్చిన ఐదో తరం షెవర్లే కార్వెట్ కారుకు గుడ్‌ఇయర్ రన్‌ఫ్లాట్ టైర్లు వేసి, స్టెప్నీ తీసేశారు. అదే కారులో నాలుగు చక్రాల గాలినీ కనిపెట్టే ఏర్పాటు కూడా పెట్టారు. ఈ రెండింటినీ జతగా ఇవ్వడం కాకతాళీయం కాదు. గాలి పోయినా నడిచే టైరు ఇచ్చినప్పుడు, గాలి పోయిందని చెప్పే పరికరం కూడా ఇచ్చి తీరాలి. లేకపోతే డ్రైవరుకు ఆ విషయం తెలిసే మార్గమే ఉండదు. తర్వాత బీఎమ్‌డబ్ల్యూ తన చాలా మోడళ్లకు ఇవే టైర్లు వేసింది. కంపెనీని బట్టి పక్కగోడ మీద ఆర్‌ఎఫ్‌టీ, జడ్‌పీ, ఎస్‌ఎస్‌ఆర్, ఆర్‌ఓఎఫ్ అనే అక్షరాలుంటాయి. పేర్లు వేరైనా వస్తువు ఒకటే.

గాలి లేకుండా ఎంత దూరం? సాధారణంగా చెప్పే హద్దు 80 కిలోమీటర్లు, అదీ 80 వేగం మించకుండా. ఈ అంకె వెనక లెక్క మనం ఇందాక చూసిందే. 80 కిలోమీటర్లు అంటే ఒక్కో చక్రం సుమారు 40,000 సార్లు తిరగడం, ఆ గట్టి రబ్బరు పొర అన్నిసార్లూ నిండు బరువు కింద నలగడం. ప్రతి నలుగుడుకూ కొంత వేడి పుడుతుంది. వేగం పెంచితే ఆ వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు. డిక్కీ నిండా సామాను ఉంటే నలుగుడు పెరుగుతుంది, మే నెల మధ్యాహ్నపు తారు రోడ్డయితే చల్లబడే అవకాశం తగ్గుతుంది. కాబట్టి 80 అన్నది తప్పక దక్కే దూరం కాదు, పరిస్థితి బాగుంటే దక్కే దూరం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుకొలత 158 కిలోమీటర్లు, అందులో ఇది సగం చుట్టు. మన కారు సూర్యాపేట నుంచి నందిగామ దాకా దాదాపు అంతే దూరం వెళ్లింది, కానీ వంద వేగంతో, నిండు బరువుతో.

లైటు ఎందుకు పుట్టింది, ఎప్పుడు వెలుగుతుంది

డ్యాష్‌బోర్డు మీది ఆ పసుపు లైటు వెనక ఒక విషాదం ఉంది. 1990ల చివర్లో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లు హైవేల మీద బోల్తా కొట్టడం మొదలైంది. వాటి ఫైర్‌స్టోన్ టైర్లలో ఉక్కు పట్టీ పైపొర ఊడిపోతోంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఈ టైర్ల ప్రమాదాలతో ముడిపెట్టిన మరణాలు 271. టైరు తయారీలోనే లోపం ఉందా, బండి రూపకల్పనలో ఉందా అని రెండు కంపెనీలూ వాదించుకున్నాయి. ఆ వాదనలో ఒక అంకె పదేపదే వచ్చింది. ఆ టైర్లకు ఫోర్డ్ సూచించిన గాలి 26 పీఎస్‌ఐ. టైరు కంపెనీ తర్వాత చెప్పింది 30. ఆ నాలుగు పీఎస్‌ఐల తేడా బరువు, వేగం, దక్షిణాది రాష్ట్రాల ఎండతో కలిస్తే టైరు వేడి ఎంత పెరుగుతుందన్నది చర్చకు వచ్చింది. అదే ఏడాది నవంబరులో అమెరికా కొత్త చట్టం తెచ్చింది. గాలి తగ్గితే హెచ్చరించే పరికరం ప్రతి కారులో ఉండాలన్న నిబంధన దాని నుంచే వచ్చి, 2007 సెప్టెంబరు నాటికి కొత్త కార్లన్నింటికీ వర్తించింది. యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరైంది. మన దేశంలో 2020లో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్టు, గాలిని కనిపెట్టే పరికరం ఉన్న కార్లకు స్టెప్నీ ఇవ్వకపోయినా ఫర్వాలేదన్నారు.

ఈ నిబంధనలో ఒక వివరం కారు ఉన్న ప్రతివారూ గుర్తుంచుకోవాలి. అమెరికా ప్రమాణం ప్రకారం, కంపెనీ చెప్పిన గాలి కన్నా పాతిక శాతం తగ్గినప్పుడు లైటు వెలిగితే చాలు. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే చీటీలో 33 అని ఉంటే, దాదాపు 25 దాకా పడిపోయేవరకు లైటు నోరు మెదపక్కర్లేదు. 27 ఉన్నప్పుడు చీకటిగానే ఉంటుంది. అంటే లైటు వెలగలేదంటే గాలి సరిగ్గా ఉందని కాదు, మరీ ప్రమాదకరంగా పడిపోలేదని మాత్రమే.

పైగా లైటును వెలిగించే పద్ధతులు రెండు, రెండింటి బలహీనతలూ వేరు. ఒక పద్ధతిలో ప్రతి చక్రం లోపల, వాల్వు వెనక చిన్న సెన్సర్ ఉంటుంది. లోపలి గాలిని స్వయంగా కొలిచి రేడియో సంకేతం పంపుతుంది. ఇలాంటి కార్లలో ఏ టైరులో ఎంత ఉందో అంకెతో సహా కనిపించవచ్చు. దాని లోపల బ్యాటరీ ఉంటుంది, కొన్నేళ్లకు అది అయిపోతుంది. చాలా కార్లలో లైటు ఒక నిమిషం పైగా టపటప కొట్టుకుని ఆ తర్వాత నిలకడగా వెలిగితే గాలి తగ్గిందని కాదు, పరికరమే పాడైందని అర్థం.

రెండో పద్ధతిలో టైరులో ఏమీ ఉండదు. బ్రేకులకు ఏబీఎస్ ఉన్నందున ప్రతి చక్రం వేగం కారుకు ఎలాగూ తెలుసు. గాలి తగ్గిన టైరు కాస్త కుంగి, మిగతావాటి కన్నా రవ్వంత వేగంగా తిరుగుతుంది. ఆ తేడా నూటికి ఒక వంతు కూడా ఉండకపోవచ్చు. కంప్యూటరు దాన్ని పట్టుకుని లైటు వెలిగిస్తుంది. తెలివైన పద్ధతే, కానీ అది గాలిని కొలవదు, చక్రాలను ఒకదానితో ఒకటి పోలుస్తుంది. టైర్లలో మేకు లేకపోయినా నెలకు ఒక పీఎస్‌ఐ వరకు గాలి తనంత తానే పోతుంది. నాలుగింట్లో సమానంగా తగ్గితే పోల్చడానికి సరైన టైరే లేదు, చాలా పాత కార్లలో లైటు మౌనంగా ఉండిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. గాలి కొట్టించాక మెనూలోకి వెళ్లి రీసెట్ చేయాలి, ఇప్పుడున్నదే సరైన గాలి అని కారుకు నేర్పాలి. గాలి తగ్గి ఉండగానే ఎవరైనా లైటు విసుగేసి రీసెట్ నొక్కితే, తగ్గిన గాలినే సరైనదిగా నేర్చుకుంటుంది. ఇక ఆ టైరు గురించి హెచ్చరిక వచ్చే అవకాశం దాదాపు పోయినట్టే.

వేడి చేసే మాయ

మన కథలో లైటు ఆలస్యంగా రావడానికి ఇంకో కారణం ఉండవచ్చు. టైరు నడిచే కొద్దీ వేడెక్కుతుంది, గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఇంత గాలి ఉన్న టైరులో ప్రతి 10 డిగ్రీలకు ఒకటిన్నర పీఎస్‌ఐకి పైగా పెరుగుతుంది. ఉదయం చల్లగా 33 ఉన్న టైరు అరగంట హైవే తర్వాత 37 చూపిస్తే అది మామూలే. ఇప్పుడు మేకు వల్ల నాలుగు పీఎస్‌ఐ పోయిందనుకోండి. నడుస్తున్నప్పుడు కొలిస్తే 33 అనే వస్తుంది. చీటీతో సరిపోయింది కదా అనిపిస్తుంది. పోయిన గాలిని వేడి కప్పేసింది.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా హైవే పక్క జరుగుతూ ఉంటుంది. వంద కిలోమీటర్లు నడిచొచ్చిన బండి టైరులో 37 ఉందని, "ఎక్కువైంది సార్" అంటూ గాలి తీసేస్తారు. మరునాడు చల్లబడ్డాక అదే టైరు 29కి పడిపోతుంది. అందుకే చీటీలో ఉన్న అంకె చల్లని టైరుకే వర్తిస్తుంది. బండి ఆగి మూడు గంటలైనా అయివుండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి కదలకుండా ఉండాలి. గాలి కొలిచే చిన్న గేజి ఇంట్లో ఉంటే, ఉదయం బండి తీయక ముందు నాలుగు టైర్లూ చూడటానికి రెండు నిమిషాలు చాలు.

నకిరేకల్‌లో ఆగివుంటే

లైటు వెలిగిన క్షణానికి ఆ టైరులో సుమారు 25 పీఎస్‌ఐ మిగిలి ఉంది. ఆ క్షణంలో చేయాల్సినవి కొన్నే. వేగాన్ని మెల్లగా 80 లోపుకు దించాలి, బ్రేకు మీద గట్టిగా కాలు వేయకూడదు, మలుపుల్లో తొందరపడకూడదు. సురక్షితంగా ఆగగలిగిన చోట ఆగి గేజితో కొలవాలి. రన్‌ఫ్లాట్ టైరును కంటితో చూడటం వల్ల గానీ తన్నడం వల్ల గానీ ఏమీ తెలియదు, గేజి ఒక్కటే చెబుతుంది. కొలిచి ఉంటే ఒకటి 24, మిగతా మూడూ 36 అని ఆయనకు అక్కడే తెలిసిపోయేది. గేజి లేకపోతే, లైటు వెలిగింది కాబట్టి గాలి పోతోందనే అనుకుని నడపాలి.

గాలి ఇంకా ఉండగా ఆగిన టైరు బతుకుతుంది. పంక్చర్ షాపు వాళ్లు ట్రెడ్ మీద సోపు నీళ్లు పోస్తే మేకు చుట్టూ సన్నని బుడగలు వస్తాయి. టైరు విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోవచ్చు. కానీ గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్‌ను బాగు చేయొద్దని చాలా కంపెనీలు చెబుతాయి. ఎంత దూరం, ఎంత వేగంతో నడిచిందో, ఆ గట్టి పొర లోపల ఎంత దెబ్బతిందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. నందిగామలో ఆ టైరును రిమ్ము నుంచి ఊడదీసినప్పుడు లోపల నుంచి నల్లటి పొడి రాలింది. పక్కగోడ లోపలి పొర తనలో తాను రాసుకుని రాలిన రబ్బరు పొడి అది. గుప్పెట్లోకి తీసుకుంటే ముతక టీ పొడిలా ఉంటుంది. రిమ్ముకు దగ్గరగా, పక్కగోడ లోపల, చుట్టూతా ఒక గీత కూడా కనిపిస్తుంది. వంగి వంగి నలిగిన చోటు అది. బయటి నుంచి టైరు కొత్తదానిలా ఉన్నా ఆ పొడి, ఆ గీత కనిపిస్తే దానికి ప్యాచ్ వేయకూడదు.

కొత్త టైరు వేయించుకునేటప్పుడు ఒక నిర్ణయం ఉంటుంది. రన్‌ఫ్లాట్ ఖరీదెక్కువ, గుంతల్లో గట్టిగా తగులుతుందని చాలామంది నాలుగు చక్రాలకూ మామూలు టైర్లు వేయించుకుంటారు. అది తప్పేమీ కాదు, అయితే స్టెప్నీ లేని కారులో అప్పటి నుంచి గాలి మిషన్, పంక్చర్ కిట్టు తప్పకుండా ఉండాలి. లైటు వెలిగాక కూడా మునుపటిలా 80 కిలోమీటర్లు పోవచ్చన్న పాత లెక్క పూర్తిగా వదిలేయాలి. ఒక చక్రానికి మాత్రం మామూలు టైరు, మిగతా మూడింటికీ రన్‌ఫ్లాట్ వేయడం మంచిది కాదు, పక్కగోడల గట్టితనం తేడా వల్ల కారు నడక మారిపోతుంది.

ఆ కుటుంబం విజయవాడలో రెండు వెనక టైర్లూ కొత్తవి వేయించుకుందనుకుందాం. షాపులో నాలుగింట్లోనూ చల్లగా ఉన్నప్పుడు చీటీ ప్రకారం గాలి నింపారు. తర్వాత మెనూలోకి వెళ్లి రీసెట్ నొక్కారు. లైటు వెంటనే ఆరలేదు, కారు కొత్త చక్రాల వేగాలను కొన్ని కిలోమీటర్లు చూసి నేర్చుకోవాలి. బెంజ్ సర్కిల్ నుంచి కనకదుర్గ వారధి మీదుగా అటు వెళ్లి ఇటు వచ్చేసరికి ఆరింది. తిరుగు ప్రయాణం ముందు రోజు ఉదయం, బండి తీయక ముందే, తండ్రి నాలుగు వాల్వుల మూతలూ తీసి గేజి పెట్టాడు. పెద్ద కూతురు అంకెలు ఒక చీటీ మీద రాసుకుంది.